పసివాళ్ల బొమ్మల పుస్తకానికి ప్రాస పేర్లు: ఏ రకం ఎంచుకోవాలి?

ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు పిల్లల కోసం బొమ్మల పుస్తకం రాయాలనుకున్న వాళ్లు మొదట కూర్చునేది పేర్ల దగ్గరే. పేర్లు కలిసి మోగాలి, చదివేవాళ్లకు నోరు తిరగాలి, వినే పిల్లకు రెండు మూడు రోజుల్లో గుర్తుండిపోవాలి. చాలామంది వెంటనే చేసే పని ఏమిటంటే, ఒక పేరు తీసుకుని దాని మొదటి అక్షరం మార్చుకుంటూ పోవడం. కిట్టు దొరికింది కాబట్టి బిట్టు, బిట్టు వచ్చింది కాబట్టి టిట్టు. చెవికి బాగానే ఉంటుంది. కానీ ముగ్గురు నలుగురు పాత్రలున్న పుస్తకానికి ఇది సరైన దారి కాదని నా అభిప్రాయం. తెలుగు వాక్యం నడిచే తీరుకూ, పసివాళ్ల నోరు పలికే తీరుకూ ఇంతకంటే బాగా కుదిరే పద్ధతి మన పద్యాల్లో ఎప్పటి నుంచో ఉంది. అదే రెండో అక్షరం కలిసే ప్రాస.

ఒకే కథను పట్టుకుని పోల్చి చూద్దాం. కథ చిన్నది. ఒక పిల్లి, ఒక బాతు, ఒక కప్ప స్నేహితులు. పిల్లి చెట్టెక్కి కూర్చుంటుంది, బాతు బుట్టలో ముడుచుకుంటుంది, కప్ప చెరువు గట్టు మీద ఉంటుంది. దాగుడుమూతలాట. ఈ ముగ్గురికీ పేర్లు కావాలి. నా ముందు మూడు జట్లు ఉన్నాయి.

మొదటి జట్టు కిట్టు, బిట్టు, టిట్టు. మొదటి హల్లు తప్ప అంతా ఒకటే, అంటే నిండు అంత్యప్రాస. రెండో జట్టు కిట్టు, బుట్టమ్మ, గట్టయ్య. వీటిలో కలిసేది రెండో అక్షరమైన ‘ట్ట’ మాత్రమే. మొదటి అక్షరంలోని అచ్చు మారింది, పేరు చివర మారింది, పొడవు కూడా మారింది. మూడో జట్టు మ్యావయ్య, క్వాకయ్య, బెకయ్య. జంతువు అరుపుకు ‘అయ్య’ తగిలించి చేసినవి, చివర మాత్రమే కలుస్తాయి.

కిళ్లు, కిన్ను, కిట్టు లాగా మొదటి అక్షరం కలిసే పేర్లు కూడా కొందరు పెడతారు. వాటిని పోలికలోకి తీసుకురావడం లేదు. పసివాళ్లు పేరును మొదటి ధ్వనితోనే పట్టుకుంటారు. అందరికీ అదే ధ్వని ఇస్తే పట్టుకునే కొస లేకుండా పోతుంది.

పిల్ల నోట్లో పేరు ఏమవుతుంది?

పేరు కాగితం మీద ఎలా ఉందన్నది కాదు, రెండేళ్ల పిల్ల పలికినప్పుడు ఏమవుతుందన్నది మొదటి పరీక్ష. ఈ వయసులో చాలామంది పిల్లలు నోటి వెనక భాగంలో పలికే క, గ అక్షరాలను ముందుకు లాగి త, ద అంటారు. నాలుక మడిచి పలికే ట, డ కూడా చాలాసార్లు త, ద అవుతాయి. సంయుక్తాక్షరాల్లో రెండో హల్లు రాలిపోతుంది. పిల్లలందరూ ఇలాగే పలుకుతారని కాదు గానీ, ఇంట్లో పసివాళ్లు ఉన్నవాళ్లకు ఇది రోజూ వినే సంగతే.

ఇప్పుడు మొదటి జట్టును ఆ నోటితో పలికించండి. కిట్టు ‘తిత్తు’ అవుతుంది. టిట్టు కూడా ‘తిత్తు’ అవుతుంది. పిల్లి, కప్ప ఒకే పేరుతో మిగులుతాయి. “తిత్తు ఏదీ?” అని పిల్ల అడిగితే ఏ బొమ్మ చూపించాలో అమ్మకు తెలియదు. తప్పు బొమ్మ చూపిస్తే పిల్లకు కోపం వస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మొదటి అక్షరం ఒక్కటే ముందుకు జారి రెండోది నిలబడితే టిట్టు కాస్తా ‘తిట్టు’ అవుతుంది. “నాకు తిట్టు కావాలి” అని పిల్ల పుస్తకం పట్టుకుని వచ్చే పరిస్థితి ఏ రచయితా కోరుకోడు.

మూడో జట్టుది మరో కష్టం. మ్యావయ్యలో ‘య’ వత్తు రాలిపోతే ‘మావయ్య’ మిగులుతుంది. క్వాకయ్యలో ‘వ’ వత్తు పోతే ‘కాకయ్య’, అంటే బాతు కాకి అయిపోయింది. నిజమైన మావయ్య ఇంట్లో ఉన్న పిల్లకు పిల్లి బొమ్మను కూడా అదే పేరుతో పిలవాల్సి వస్తుంది. ఒక్క బెకయ్య మాత్రం ‘బెతయ్య’ అయినా మరో మాటలో కలిసిపోకుండా నిలబడుతుంది, ఎందుకంటే అందులో రాలిపోయే వత్తు లేదు, చివరి ‘య్య’ కూడా పలకడానికి తేలికే. అరుపుల పేర్లు మీకు బాగా ఇష్టమైతే మొదట్లో వత్తులు లేని అరుపులనే తీసుకోండి. మేకకు మేమయ్య, కప్పకు బెకయ్య కుదురుతాయి. పిల్లికీ బాతుకూ ఆ దారి మూసుకుపోయినట్టే.

రెండో జట్టు ఈ పరీక్షలో ఏమవుతుందో చూడండి. కిట్టు ‘తిత్తు’, బుట్టమ్మ ‘బుత్తమ్మ’, గట్టయ్య ‘దత్తయ్య’. మూడు పేర్లూ వంగాయి గానీ ఒకదానిలో ఒకటి కలిసిపోలేదు. మొదటి అక్షరంలో ఇ, ఉ, అ అనే మూడు వేర్వేరు అచ్చులు ఉండటమే దానికి కారణం. పసివాళ్లు హల్లులను మార్చినంత తరచుగా అచ్చులను మార్చరు. అందువల్ల హల్లు జారినా అచ్చు పేరును కాపాడుతుంది. మీ పేర్లకు కూడా ఇదే పని చేయండి. క, గ, ట, డలన్నీ త, దలుగా మార్చి, సంయుక్తాక్షరాల్లోని వత్తులు తీసేసి రాసుకోండి. అప్పుడు రెండు పేర్లు ఒకటే అయినా, ఏదైనా ఒకటి ఇంట్లో వాడే మరో మాట అయినా ఆ పేరు పనికిరాదు.

వినేటప్పుడు కూడా అంతే

పలకడం ఒక్కటే సమస్య కాదు. దగ్గర దగ్గరగా ఉన్న పేర్లను బొమ్మకు ముడిపెట్టుకోవడం కూడా చిన్నపిల్లలకు కష్టమే. కెనడాకు చెందిన పరిశోధకులు క్రిస్టీన్ స్టాగర్, జానెట్ వర్కర్ 1997లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో బాగా తెలిసినది. 14 నెలల పిల్లలకు రెండు వస్తువులు చూపించి, ఒకదానికి ‘బిహ్’ అనీ రెండోదానికి ‘డిహ్’ అనీ పేర్లు వినిపించారు. తర్వాత పేర్లు తారుమారు చేసినా పిల్లలు తేడా పట్టలేకపోయారు. ‘లిఫ్’, ‘నీమ్’ లాంటి పూర్తిగా వేరైన పేర్లు ఇచ్చినప్పుడు మాత్రం పట్టగలిగారు. ఆశ్చర్యమేమిటంటే వాళ్ల చెవికి బ, డల తేడా తెలుసు. ఊరికే వినిపిస్తే గుర్తుపడతారు. ఒక కొత్త వస్తువుకు పేరుగా నేర్చుకునేటప్పుడే ఆ సన్నని తేడా జారిపోతోంది. కొన్ని నెలలు గడిచాక, అంటే ఏడాదిన్నర దాటే సమయానికి, పిల్లలు ఇది కూడా చేయగలుగుతున్నారని ఆ తర్వాత జరిగిన పరిశోధనల్లో తేలింది.

కాబట్టి రెండేళ్ల పిల్లకు కిట్టు, బిట్టుల తేడా అసలు అందదని అనలేం. అయితే బొమ్మల పుస్తకంలో ఆ పిల్ల ఒకేసారి బొమ్మ చూస్తుంది, కథ వింటుంది, పేజీ తిప్పడానికి చెయ్యి చాస్తుంది. అంత హడావిడిలో ఒకే ఒక్క హల్లు మీద మూడు పాత్రల భారం పెట్టడం ఎందుకు?

తెలుగు వాక్యంలో పేరు ఎక్కడ ఉంటుంది?

నా దృష్టిలో అసలు తేల్చే విషయం ఇదే. అంత్యప్రాస మోగాలంటే పేరు పాదం చివర ఉండాలి. తెలుగు వాక్యంలో చివర ఉండేది క్రియ. పేరు మొదట్లో వస్తుంది. మొదటి జట్టుతో మామూలుగా రాస్తే ఇలా వస్తుంది.

కిట్టు చెట్టు ఎక్కింది
బిట్టు బుట్ట ఎక్కింది
టిట్టు గట్టు ఎక్కింది

ఇక్కడ చివర మోగుతున్నది పేర్లు కావు, ‘ఎక్కింది’. పైగా అది ప్రాస కూడా కాదు, ఒకే మాట మళ్లీ మళ్లీ రావడం. పిల్లకు గుర్తుండేది కూడా అదే. పేర్లను చివరికి తీసుకురావాలంటే వాక్యాన్ని తిరగేసి “చెట్టు ఎక్కింది కిట్టు” అనాలి. పాటల్లో అది బాగుంటుంది, తప్పేమీ లేదు. కానీ పుస్తకమంతా అలా తిరగేస్తే మాట సహజంగా ఉండదు, చదివేవాళ్లు మూడో పేజీకే సాగదీయడం మొదలుపెడతారు.

రెండో అక్షరం ప్రాస అయితే ఆ బాధ లేదు. మన పద్యాల్లో ప్రాస ఉండేది పాదం మొదట్లోనే. పాదంలో రెండో అక్షరపు హల్లు అన్ని పాదాల్లోనూ ఒకటే ఉండాలి, దానిమీది అచ్చు ఏదైనా కావచ్చు. మొదటి అక్షరం ఒక పాదంలో గురువైతే అన్ని పాదాల్లోనూ గురువే కావాలి. వాక్యం మొదట్లో పేరున్నా, చెట్టు, గట్టు లాంటి చోటున్నా ఆ ప్రాస మోగుతుంది. అంటే తెలుగు మాట సహజంగా నడిచే వరసలోనే, ఏదీ తిరగేయకుండా, మోత వస్తుంది.

రెండో జట్టుతో నేను కట్టిన పల్లవి ఇది.

చెట్టు మీద మన కిట్టు
బుట్టలోన బుట్టమ్మ
గట్టు మీద గట్టయ్య

ఇందులో క్రియ లేదని గమనించండి. “బల్ల మీద పుస్తకం” అని క్రియ లేకుండానే తెలుగులో నిండుగా మాట్లాడవచ్చు. ఆ వీలును వాడుకుంటే రెండు లాభాలు. పేరు సహజంగానే చివరికి వచ్చింది. స్త్రీపురుష భేదం గొడవ కూడా పోయింది. క్రియ పెట్టి ఉంటే బుట్టమ్మ దాక్కుంది, గట్టయ్య దాక్కున్నాడు అని రెండు రకాలుగా రాయాల్సి వచ్చేది, పల్లవి మధ్యలో విరిగేది. క్రియ తప్పనిసరైన పేజీల్లో ముగ్గురినీ కలిపి “దాక్కున్నారు” అనండి, లేదా జంతువులే కదా అని పేర్లన్నీ ‘దాక్కుంది’కి ఒదిగేలా పెట్టుకోండి. అప్పుడు గట్టయ్య బదులు గట్టమ్మ కావాలి. నాకు గట్టయ్యే ఇష్టం. ఉబ్బిన బుగ్గలతో గట్టు మీద కూర్చున్న కప్పకు ఆ పెద్దరికం నప్పింది.

లయ కూడా ఒకసారి లెక్కపెట్టి చూద్దాం. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, ద్విత్వానికి గానీ సంయుక్తాక్షరానికి గానీ ముందున్న అక్షరానికి రెండు. ‘గట్టు’ మూడు, ‘మీద’ మూడు, ‘గట్టయ్య’ అయిదు, మొత్తం 11. ‘బుట్టలోన’ ఆరు, ‘బుట్టమ్మ’ అయిదు, ఇదీ 11. మొదటి పాదాన్ని ‘చెట్టు మీద కిట్టు’ అని వదిలేస్తే తొమ్మిదే వస్తుంది, చదివేటప్పుడు కాలు జారినట్టు ఉంటుంది. ‘మన’ అనే రెండు మాత్రల మాట చేరిస్తే 11 సరిపోయింది. పొట్టి పేరు ఒకటి, పొడుగు పేర్లు రెండు ఉన్నా ఇబ్బంది లేదని దీనివల్ల తెలుస్తుంది. మన, మా, చిన్ని, బుజ్జి లాంటి మాటలు ఆ ఖాళీని నింపుతాయి. ఏ మాట పెట్టినా పుస్తకమంతా అదే ఉంచండి. ఒక పేజీలో ‘మన కిట్టు’, ఇంకో పేజీలో ‘బుజ్జి కిట్టు’ అయితే పిల్ల ముందుగా అందుకోలేదు.

విభక్తి తగిలినా పేరు నిలబడాలి

కథ నడవాలంటే కిట్టును పిలవాలి, కిట్టుకు ఇవ్వాలి, కిట్టుతో ఆడాలి. తెలుగులో కొన్ని పేర్లు విభక్తి చేరగానే రూపం మార్చుకుంటాయి. ‘అం’తో ముగిసే పేరు పెట్టారనుకోండి, ఉదాహరణకు బుంగం. బుంగానికి, బుంగాన్ని, బుంగంతో అని ఒకే పాత్రకు మూడు రకాల పేర్లు వినిపిస్తాయి. రెండు పేర్లూ ‘అం’తోనే ముగిస్తే వాటి మధ్య ప్రాస చెడదు, నిజమే. కానీ పిల్ల నేర్చుకున్న ‘బుంగం’ ఆ వాక్యంలో కనిపించదు. ‘డు’తో ముగిసే పేర్లదీ ఇదే తంతు. గట్టుడు పెడితే గట్టుడికి, గట్టుణ్ణి అవుతుంది. ఇ, ఉ, అమ్మ, అయ్యలతో ముగిసే పేర్లు ఈ విషయంలో నమ్మకమైనవి. కిట్టుకు, బుట్టమ్మకు, గట్టయ్యకు అన్నా పేరు పేరుగానే ఉంది.

పిలుపు కూడా చూసుకోవాలి. దాగుడుమూతల కథలో పిలవడమే సగం ఆట. కిట్టూ! బుట్టమ్మా! గట్టయ్యా! మూడూ గొంతెత్తి సాగదీయడానికి వీలుగా ఉన్నాయి. చివరి అచ్చును సాగదీయడం పిల్లలకు మహా సరదా, చదివేవాళ్లకు కూడా.

ఇక సంధి. ‘కిట్టు ఎక్కింది’ అని అచ్చువేసినా చదివేవాళ్ల నోట్లో అది ‘కిట్టెక్కింది’ అయిపోతుంది. పేరు చివరి ‘ఉ’ మాయం. పెద్దలకు తేడా తెలియదు గానీ, పేరు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లకు పేరు ఎక్కడ ఆగిందో తెలియదు. కాబట్టి పేరు తర్వాత వచ్చే మాట హల్లుతో మొదలయ్యేలా చూసుకోవడం మంచిది. ‘కిట్టు ఎక్కింది’ బదులు ‘కిట్టు దూకింది’ అంటే సరిపోతుంది. మూడు పేర్లూ మొదటిసారి వచ్చే పేజీల్లో దీన్ని తప్పక పాటించాలి. తర్వాత కొంచెం సడలించినా నష్టం లేదు.

మరొక్క సంగతి. రెండో పేరు ‘గి’తో గానీ ‘గీ’తో గానీ మొదలుపెట్టకండి. పులీ గిలీ, పాలూ గీలూ అనడం మనకు అలవాటు. కిట్టు పక్కన గిట్టు పెడితే రెండో పాత్ర ఉన్నట్టు అనిపించదు, ‘కిట్టు వగైరా’ అన్నట్టు వినిపిస్తుంది. చ, జలతో మొదలయ్యే పేర్లను కూడా ఒకసారి గట్టిగా చదివి చూడండి. చంటిలోని ‘చ’ను కొందరు దంత్యంగా, కొందరు తాలవ్యంగా పలుకుతారు. అమ్మ ఒకలాగా నాన్న మరోలాగా చదివితే పిల్ల ఏది పట్టుకోవాలి?

చోటే పేరును గుర్తుచేస్తుంది

రెండో జట్టుకు ఇంకో బలం ఉంది. బుట్టలో ఉండేది బుట్టమ్మ, గట్టు మీద ఉండేది గట్టయ్య. బొమ్మలో బుట్ట కనిపించగానే పేరులో సగం దొరికిపోతుంది. పేజీ తిప్పడాన్ని దీనికి జోడిస్తే పిల్ల తనే పేరు చెప్పేస్తుంది. ఎడమ పేజీలో మూతపెట్టిన బుట్ట, పక్కన “బుట్టలోన ఎవరు?” అన్న ప్రశ్న. పేజీ తిప్పితే తల బయటపెట్టిన బాతు, “బుట్టలోన బుట్టమ్మ!”. మొదటి రెండుసార్లు మీరు చెప్పాలి. ఆ తర్వాత ‘బుట్టలోన’ అని ఆగండి. రెండేళ్ల పిల్లలు ‘అమ్మ’ అనైనా అందిస్తారు, అదీ లెక్కే.

ఇది నా ఊహ మాత్రమే కాదు. కిర్‌స్టెన్ రీడ్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన పరిశోధనలో 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు ప్రాస కథల ద్వారా ఊహల్లోని వింత రాక్షస జీవుల కొత్త పేర్లు నేర్పి చూశారు. ప్రాసను బట్టి పిల్లలు ముందే ఊహించగల చోట పేరు వచ్చినప్పుడు వాళ్లకు ఎక్కువగా గుర్తుంది. అంటే పేర్లు ఒకదానితో ఒకటి కలిస్తే చాలదు, పేరుకు ముందు వచ్చే మాట ఆ పేరును పిలవాలి. చెట్టు కిట్టును పిలుస్తుంది. గట్టు గట్టయ్యను పిలుస్తుంది. మొదటి జట్టులో బుట్ట టిట్టునైనా పిలవవచ్చు, బిట్టునైనా పిలవవచ్చు. పిల్ల ఊహించడానికి ఆధారం ఉండదు.

మొదటి జట్టు ఎప్పుడు మేలు?

పాత్రలు ఇద్దరే అయి, ఎప్పుడూ కలిసే తిరుగుతూ, ఎవరు ఎవరన్నది కథకు అవసరం లేనప్పుడు నిండు అంత్యప్రాసనే ఎంచుకుంటాను. కవల కుక్కపిల్లలు చంటి, బంటి అనుకోండి. “చంటీ బంటీ వచ్చాయి, చంటీ బంటీ మొరిగాయి” అన్నప్పుడు ఆ రెండు పేర్లూ కలిపి ఒకే మాటలా పిల్లకు గుర్తుంటాయి. ఆ జంటలో ఎవరు చంటి అని పిల్ల తేల్చుకోలేకపోయినా కథ ఆగదు. అదే కథలో చంటి ఏదో దాచింది, బంటి వెతికింది అని పనులు విడిపోయిన మరుక్షణం ఆ పేర్లు అడ్డం తిరుగుతాయి. ‘చ’ పలకడంలో ముందు చెప్పిన తేడా ఇక్కడ పెద్దగా బాధించదు, ఎందుకంటే చెవి జంటగానే వింటోంది.

ఏడాదిన్నర లోపు పిల్లలకైతే ‘ట్ట’ బదులు ‘మ్మ’ను ప్రాసగా తీసుకోవచ్చు. పెదవులు కలిపి పలికేవి ముందే వస్తాయి కదా. కొమ్మ, బొమ్మ, రెమ్మ, గుమ్మం లాంటి మాటలు ఉన్నాయి. కాకపోతే ఆ వయసు పిల్లకు తెలిసిన చోట్లు, వస్తువులు ‘మ్మ’తో తక్కువ. ‘ట్ట’తో చెట్టు, బుట్ట, గట్టు, మెట్టు, పుట్ట, గుట్ట, తట్ట అని బోలెడు దొరుకుతాయి, అన్నీ బొమ్మ గీయడానికి వీలైనవే. ఏ ద్విత్వం తీసుకున్నా ముందు ఇలాంటి జాబితా రాసుకోండి. బొమ్మ గీయగలిగిన మాటలు అయిదారైనా రాకపోతే ఆ ప్రాసతో పుస్తకం నిండదు, బలవంతపు మాటలు దూరతాయి.

అచ్చుకు ముందు

పేర్లు తేలాక పుస్తకాన్ని అంతకుముందు చూడని ఒకరి చేతికి ఇచ్చి, ముందుగా చదువుకోనివ్వకుండా పైకి చదవమనండి. మీరు పక్కన ఒక ప్రతి పెట్టుకుని వాళ్ల గొంతు ఎక్కడ తడబడిందో గీత గీసుకోండి. ఒకే చోట ఇద్దరు తడబడితే తప్పు పాదంలో ఉంది, చదివేవాళ్లలో కాదు. సాధారణంగా అక్కడ మాత్రలు తగ్గి ఉంటాయి, లేదా పేరు పక్కన అచ్చుతో మొదలయ్యే మాట ఉంటుంది.

పిల్ల దగ్గర పరీక్ష వేరు. కొన్ని రాత్రులు చదివి వినిపించాక, ఒక రోజు విరామం ఇచ్చి, అట్ట మీద ముగ్గురూ ఉన్న బొమ్మ చూపించి “గట్టయ్య ఏడీ?” అని అడగండి. వేలు పెట్టి చూపించడం పేరు చెప్పడం కంటే సులువు కాబట్టి ముందు అదే అడగాలి. ఒకటి రెండుసార్లు తప్పు చూపిస్తే పట్టించుకోనక్కర్లేదు. ఎప్పుడూ అవే రెండు పాత్రలు తారుమారు అవుతుంటే ఆ రెండు పేర్లలో ఒకటి మార్చాలి. బొమ్మలు ఒకే రంగులో ఉండటం వల్ల కూడా ఇలా జరగవచ్చు, కాబట్టి పేరు మార్చే ముందు బొమ్మ కూడా ఒకసారి చూసుకోండి.

కథలోకి నాలుగో పాత్ర రావాలంటే అసలు జాగ్రత్త అక్కడే కావాలి. పుట్ట మీద చీమ ఉంది, పేరు పుట్టన్న అని నాకు వెంటనే తోచింది. ‘పుట్ట మీద పుట్టన్న’ అంటే సరిగ్గా 11 మాత్రలే. కానీ పుట్టన్న, బుట్టమ్మ పక్కపక్కన చదివి చూడండి. ‘పుట్ట’కూ ‘బుట్ట’కూ మధ్య ఉన్నది మళ్లీ ఒకే హల్లు, అదీ ఒకే చోట పెదవులతో పలికేది. మనం ఏ జట్టును వద్దనుకున్నామో దాని చిక్కే వెనక గుమ్మం నుంచి వచ్చేసింది. మెట్టు మీద మెల్లగా పాకే నత్తకు మెట్టన్న అని పేరు పెడితే ‘ఎ’ అనే నాలుగో అచ్చు దొరుకుతుంది, మొదటి అక్షరం ‘మ’ పసినోటికి తేలిక, ‘మెట్టు మీద మెట్టన్న’కు మాత్రలూ 11. చీమను ఈ పుస్తకంలో వద్దనుకుని నత్తనే తీసుకుంటాను. అయిదో పాత్ర కావాలంటే మిగిలిన అచ్చు ‘ఒ’ ఒక్కటే. దానికి ‘ట్ట’తో తొట్టి, కొట్టు లాంటి చోట్లు ఉన్నా, ఈ ప్రాసలో నలుగురితోనే ఆపుతాను.